రేకు టిన్నుకు సొట్ట పడితే: ఏది తినొచ్చు, ఏది పారెయ్యాలి

సాలూరు దాటగానే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. విశాఖ, విజయనగరం వైపు నుంచి కిరాణా సరుకు వేసుకొచ్చే లారీలు ఆ మలుపులన్నీ తిరిగి, ఒడిశాలోని పొట్టంగి మీదుగా సెమిలిగుడ, సునాబెడ, కొరాపుట్, జయపురం చేరతాయి. ప్రతి మలుపులో పెట్టెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దించేటప్పుడు హమాలీ చేతిలోంచి ఒకటో రెండో జారిపడతాయి. చివరికి పెట్టె విప్పేసరికి రసగుల్ల, పైనాపిల్ ముక్కలు, పుట్టగొడుగులు, చేప, ఏ టిన్నులైనా సరే, కొన్నింటికి సొట్టలు పడి ఉంటాయి. కొట్టువాళ్ళు వాటిని విడిగా పెట్టి అయిదో పదో తగ్గించి అమ్ముతారు. కొనేవాళ్ళలో కొందరు సొట్ట కనబడగానే విషమని వదిలేస్తారు. మరికొందరు దెబ్బ రేకుకు తగిలింది గానీ లోపలి తిండికి కాదు కదా అని సంచిలో వేసుకుంటారు. మొదటివాళ్ళు మంచి సరుకు పోగొట్టుకుంటున్నారు. రెండోవాళ్ళు ఎప్పుడో ఒకసారి చేయకూడని పని చేస్తున్నారు.

తేడా తెలియాలంటే టిన్ను ఎలా మూసుకుని ఉంటుందో ముందు చూడాలి.

టిన్ను ఒంటి రేకు చాలా పలచన, మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, అంతే. ఆ పలచటి రేకు వంగుతుంది గానీ తేలిగ్గా చిరగదు. ఒంటి మీద గుండ్రంగా వరసగా గాళ్ళు వేసేది కూడా అది వంగకుండా బలంగా ఉండడానికే. అసలు పని జరిగేది అంచు దగ్గర. మూత రేకు కొసను, ఒంటి రేకు కొసను రెండు కొక్కేల్లాగా ఒకదానిలో ఒకటి తగిలించి, రెండు విడతలుగా రోలర్లతో నొక్కుతారు. మొదటి రోలరు వాటిని చుట్టి మడుస్తుంది, రెండోది గట్టిగా అదుముతుంది. దీన్ని డబుల్ సీమ్ అంటారు. అలా మడిచిన చోట అయిదు పొరల రేకు ఉంటుంది, మూతవి మూడు, ఒంటివి రెండు. అంత నొక్కినా రేకుకూ రేకుకూ మధ్య సన్నటి సందు మిగులుతుంది కాబట్టి మూత అంచులో ముందే రబ్బరు లాంటి పూత పోసి ఉంచుతారు. గాలిని, సూక్ష్మజీవులను ఆపేది ఆ పూత, దాన్ని అదిమి పట్టుకున్న కొక్కేలు. రెండు కొక్కేలూ ఒకదానిమీద ఒకటి ఎక్కే మేర ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. టిన్ను ప్రాణమంతా ఆ మిల్లీమీటరులో ఉంది.

రెండో సంగతి లోపలి ఖాళీ. తిండిని వేడిగా నింపి మూసి, ఆపైన పెద్ద కుక్కరు లాంటి రిటార్టులో ఉడికించి చల్లారుస్తారు. చల్లారాక లోపలి ఆవిరి నీరవుతుంది, కొంత ఖాళీ ఏర్పడి బయటి గాలి మూతను లోపలికి నొక్కుతుంది. మంచి టిన్నుకు రెండు చివర్లూ కాస్త లోపలికి వంగి ఉండడానికి కారణం ఇదే. ఆ ఖాళీ లోపలికి లాగే ఈ లాగుడు మనకు మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. అంచు బాగున్నంత కాలం మూత బిగిసి ఉంటుంది, లోపల గాలి పుడితే వెంటనే తెలుస్తుంది. అంచుకు సందు పడితే మాత్రం అదే లాగుడు బయటి తేమను, మురికిని లోపలికి పీల్చుకుంటుంది.

సొట్టను చూసే పద్ధతి ఇక్కడినుంచే వస్తుంది. ఆ దెబ్బ అంచు మడతను కదిపిందా, రేకును చీల్చిందా, లోపలి లాగుడును చెడగొట్టిందా అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మూడింటికీ కాదనే జవాబు వస్తే ఆ సొట్ట చూపుకు మాత్రమే వికారం.

ఒక పెట్టె విప్పి చూద్దాం

జయపురంలో ఒక కొట్టుకు రెండు పెట్టెలు వచ్చాయనుకుందాం. ఒకదానిలో 850 గ్రాముల పైనాపిల్ టిన్నులు, ఇంకోదానిలో దాదాపు అదే పరిమాణంలో పుట్టగొడుగుల టిన్నులు. లారీలో ఒక పక్కకు ఒరిగి వచ్చాయి కనుక రెండు పెట్టెల్లోనూ తలా కొన్ని టిన్నులకు దెబ్బలున్నాయి.

మొదటి టిన్నుకు ఒంటి మధ్యలో చిన్న గిన్నె ఆకారంలో సొట్ట. దాని అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. వేలి కొనతో తడిమితే ఎక్కడా కోసుగా తగలదు. పైకీ కిందికీ అంచులు సొట్టకు రెండు వేళ్ళ దూరంలో ఉన్నాయి. మూతలు రెండూ లోపలికే వంగి ఉన్నాయి. ఇది తీసుకోవచ్చు. అందులో ఉన్నది పైనాపిల్ అయినా, పుట్టగొడుగులైనా సరే. రేకు సాగింది గానీ తెగలేదు, అంచు దాకా ఆ బలం పోలేదు.

రెండో టిన్నుకూ ఒంటి మీదే సొట్ట, కానీ పక్కటిన్ను అంచు గుచ్చుకున్నట్టుంది. కత్తి మొనలా ఒక గీత లోతుగా దిగి, దాని రెండు కొసలూ కోసుగా తేలాయి. వేలు అడ్డంగా పెడితే అందులో కూరుకుంటుంది. ఇలాంటి గీత కొసల దగ్గర రేకు బాగా పలచనవుతుంది, లోపలి వార్నిష్ పూత కూడా పగులుతుంది. కంటికి కనబడనంత సన్నటి చిల్లు అక్కడే పడవచ్చు. చిల్లు వెంటనే పడకపోయినా, పూత పోయిన చోట పులుపు రసం రేకును తినడం మొదలుపెట్టి కొన్ని నెలలకు పడవచ్చు. పులుపు పదార్థమైన పైనాపిల్‌కు ఈ రెండో దారి ఎక్కువ. వేలు కూరుకునేంత లోతు, కోసుగా తేలిన కొసలు ఉంటే అమ్మకూడదు, కొనకూడదు.

మూడో టిన్ను సొట్ట మొదటిదానికన్నా చిన్నది, పెసరగింజంత. తొందరలో ఉన్నవాడి కంటికి ఆనదు కూడా. కానీ అది పై అంచు మీదే ఉంది. గుండ్రంగా ఉండాల్సిన అంచు అక్కడ కాస్త చదునైంది. గోరు పెట్టి అంచు చుట్టూ లాగితే, ఆ చోట గోరు మెట్టు దిగినట్టు తగులుతుంది. మూడింటిలోనూ అన్నిటికన్నా అపాయకరమైనది ఇదే. దెబ్బ తగిలిన క్షణంలో లోపలి కొక్కెం కాస్త విడి, రబ్బరు పూత నలిగి, మళ్ళీ దగ్గరపడి ఉండవచ్చు. ఒక్క రెప్పపాటు సందు తెరుచుకున్నా ఆ లాగుడుకు ఒక చుక్క తేమ లోపలికి పోవడానికి చాలు. అందులో సూక్ష్మజీవి ఉంటే దానికి కావలసిన తిండి, నీరు లోపల సిద్ధంగా ఉన్నాయి. తర్వాత సందు మూసుకుపోయి టిన్ను మామూలుగానే కనబడుతుంది.

అంచు సొట్టల్లోనూ ఇంకొంచెం ఘోరమైన చోటు ఒకటుంది. ఒంటి రేకు, రెండు మూతలు కలిపి చేసే మూడు ముక్కల టిన్నులకు ఒంటి మీద నిలువుగా ఒక అతుకు గీత కనిపిస్తుంది, లేబులు కాస్త తొలగిస్తే తెలుస్తుంది. ఆ నిలువు అతుకు పై అంచును, కింది అంచును కలిసే చోట రేకు పొరలు మామూలుకన్నా ఎక్కువై మడత సమంగా కూర్చోదు. అక్కడ తగిలిన దెబ్బ ఎంత చిన్నదైనా ఆ టిన్నును పక్కన పెట్టేయాల్సిందే. నిలువు అతుకు మీద ఎక్కడ సొట్ట పడినా అదే మాట.

చేప టిన్నులకు, కొన్ని రసగుల్ల టిన్నులకు రింగు లాగి తెరిచే మూతలుంటాయి. వాటి మూత మీద చుట్టూ ఒక గాడి గీసి ఉంటుంది, రింగు లాగినప్పుడు ఆ గీత వెంట చిరగాలని అక్కడ రేకును కావాలనే పలచన చేస్తారు. ఆ గీత మీదా, రింగు మొదట్లోనూ సొట్ట ఉంటే ఒంటి సొట్టను చూసినట్టు చూడకూడదు, అంచు సొట్టతో సమానంగా తీసుకోవాలి.

నాలుగో టిన్ను చిక్కైనది. ఒంటి మీద సొట్ట పెద్దది, నున్నటిదే, అంచుకు దూరంగానే ఉంది. కానీ పై మూత లోపలికి వంగి లేదు, కాస్త పైకి లేచింది. దీనికి అమాయకమైన కారణం ఉండవచ్చు. పెద్ద సొట్ట లోపలి చోటును తగ్గిస్తుంది కనుక, ఉన్న ఖాళీ నలిగి మూత బయటికి తన్నుకుంటుంది. లోపల కుళ్ళు మొదలై గాలి పుట్టినా మూత సరిగ్గా అలాగే లేస్తుంది. బయటినుంచి చూసి ఈ రెండింటినీ విడదీయడం ఎవరివల్లా కాదు. అందుకని దీన్ని ఉబ్బిన టిన్నుగానే లెక్కపెట్టాలి.

కొందరు కొట్టువాళ్ళు సొట్టను లోపలినుంచి ఉబ్బించినట్టుగా రబ్బరు సుత్తితో పక్కల తట్టి సరిచేస్తారు. సొట్ట పోతుంది గానీ రేకు రెండుసార్లు వంగుతుంది, పైగా చూసి గుర్తుపట్టే ఆనవాలు చెరిగిపోతుంది. అలా చేయడం కొనేవాడికి అన్యాయం. సరుకు దించుకునేటప్పుడే పెట్టె మూలలు నలిగాయేమో చూసి, నలిగిన పెట్టెను అక్కడే విప్పి, అంచు సొట్టలున్న టిన్నుల లెక్కను చలాను మీద రాయించుకుంటే వాటిని డీలరుకు తిప్పి పంపడం తేలిక. సంతకం పెట్టేశాక ఆ నష్టం కొట్టువాడి నెత్తిన పడుతుంది, అప్పుడే ఆ టిన్నులు తగ్గింపు ధరల గంపలోకి చేరతాయి.

ఉబ్బు: నాలుగు మెట్లు

ఉబ్బు ఒక్కసారిగా రాదు. మొదటి మెట్టులో టిన్ను చూడడానికి సమంగానే ఉంటుంది, కానీ ఒక చివరను బల్లకు గట్టిగా తాటిస్తే రెండో చివర టక్కున బయటికి లేస్తుంది. బొటనవేలితో నొక్కితే మళ్ళీ లోపలికి పోయి అక్కడే నిలుస్తుంది. రెండో మెట్టులో ఒక చివర ఎప్పుడూ లేచే ఉంటుంది, దాన్ని నొక్కితే అది దిగి, రెండోవైపు మూత లేస్తుంది. మూడో మెట్టులో రెండు చివర్లూ ఉబ్బి ఉంటాయి గానీ వేలికి కాస్త లొంగుతాయి. నాలుగో మెట్టులో వేలికి లొంగవు, బంతిలా గట్టిగా ఉంటాయి. అది ఎప్పుడైనా అంచు దగ్గర పగిలి లోపలిది చిమ్మవచ్చు.

ఇవి నాలుగూ గాలి పెరుగుతున్న కొద్దీ వచ్చే మెట్లు. గాలి ఎందుకు పుట్టిందన్నది ఈ మెట్లు చెప్పవు. పైనాపిల్ లాంటి పుల్లటి పళ్ళ రసం రేకును తిన్నప్పుడు హైడ్రోజన్ పుట్టి టిన్నును ఉబ్బిస్తుంది. అందులో విషముండదు, రుచి మాత్రం లోహంలా మారుతుంది. ఎండకు మాడే గోదాములో నిలవ ఉంచితే వేడికి మాత్రమే లేచే ఒక జాతి సూక్ష్మజీవులు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదిలి టిన్నును బంతిలా చేస్తాయి. అంచులోంచి కారిన టిన్నులో రకరకాల సూక్ష్మజీవులు కలిసి పని చేస్తాయి. ఇక, ఉడికించడంలో లోపం జరిగిన పుట్టగొడుగులో, చేపలో, రసగుల్లలో అయితే క్లాస్ట్రిడియం బోటులినం అనే సూక్ష్మజీవి పెరిగి ఉండవచ్చు. దాని విషం చాలా కొద్ది మోతాదులోనే నరాలను చచ్చుపడేస్తుంది. ఈ నాలుగు కారణాలకూ బయట కనిపించేది ఒకటే మూత ఉబ్బు. పైనాపిల్ టిన్ను ఉబ్బితే అది హైడ్రోజనే అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకోవడం పందెం కాయడమే.

కొండ మీద ఉబ్బుతుందా?

కొరాపుట్ పీఠభూమిలో ఒక మాట తరచుగా వినబడుతుంది. ఇక్కడ ఎత్తు ఎక్కువ కాబట్టి టిన్నులు, చిప్స్ ప్యాకెట్లు ఉబ్బడం మామూలే, భయం లేదని. చిప్స్ ప్యాకెట్ల విషయంలో ఆ మాట నిజం. టిన్నుల విషయంలో లెక్క వేసి చూడాలి.

సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి పాదరసం కొలతలో 760 మిల్లీమీటర్లు. 900 మీటర్ల ఎత్తులో, అంటే సెమిలిగుడ, కొరాపుట్ ఉన్న ఎత్తుకు దగ్గర దగ్గరగా, అది 680 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే మూతను లోపలికి నొక్కే బలంలో 80 మిల్లీమీటర్లు తగ్గింది. బాగా మూసిన టిన్నులో లోపలికీ బయటికీ తేడా సముద్రమట్టంలో 250 మిల్లీమీటర్లో ఆ పైనో ఉంటుంది. కొండెక్కాక 170 మిగిలింది. ఇప్పుడు ఆ టిన్నును మే నెలలో రేకుల షెడ్డులో పెట్టారనుకుందాం. టిన్ను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఆవిరి, గాలి రెండూ పెరిగి ఇంకో 80 మిల్లీమీటర్లు తింటాయి. అప్పటికీ 90 మిల్లీమీటర్ల లాగుడు మిగిలే ఉంది, మూత లోపలికే వంగి ఉంటుంది.

కాబట్టి ఎత్తు, ఎండ రెండూ కలిసినా మంచి టిన్నును ఉబ్బించలేవు. ఉబ్బిందంటే దానిలో లాగుడు ముందే తక్కువగా ఉంది. మరీ నిండుగా నింపి ఉండవచ్చు, చల్లగా ఉండగానే మూసి ఉండవచ్చు, లేదా అంచులోంచి గాలి చొరబడి ఉండవచ్చు. మొదటి రెండూ ప్యాకింగు లోపాలు, సాధారణంగా అపాయం లేనివి. మూడోది అపాయం. మళ్ళీ అదే చిక్కు, బయటినుంచి విడదీయలేం. చల్లటి నీళ్ళలో పెట్టగానే మూత దిగిపోయిందని సంతోషించడానికి కూడా లేదు, ఎందుకంటే కుళ్ళు వల్ల పుట్టిన గాలి కూడా చలికి కుదించుకుంటుంది. జనవరిలో, కొరాపుట్ చలిలో ఉబ్బి కనిపించిన టిన్నుకైతే ఎండ సాకు కూడా లేదు.

ఒక పెట్టెలోని టిన్నులన్నీ ఒకే తీరుగా కొద్దిగా లేస్తే ప్యాకింగు లోపం అనుమానించవచ్చు. అయినా దాన్ని తేల్చేది ఇల్లో కొట్టో కాదు. కంపెనీవాళ్ళు ఆ బ్యాచ్ టిన్నులను కొన్నాళ్ళు 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, ఆ తర్వాత విప్పి పరీక్షిస్తారు. కొట్టువాడు మూత మీద కొట్టి ఉన్న బ్యాచ్ నంబరు, తయారీ తేదీ రాసుకుని ఆ పెట్టె మొత్తాన్ని తిప్పి పంపాలి.

ఉబ్బని టిన్ను సంగతి

ఉబ్బు లేకపోతే భయం లేదన్న నమ్మకం చాలామందిలో ఉంది. రెండు పాత ఘటనలు దాన్ని తుడిచిపెట్టేస్తాయి.

1964లో స్కాట్లాండులోని అబర్డీన్ పట్టణంలో టైఫాయిడ్ వచ్చి 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మూలం అర్జెంటీనా నుంచి వచ్చిన ఒక పెద్ద గొడ్డుమాంసం టిన్ను. ఫ్యాక్టరీలో ఉడికించాక వేడి టిన్నులను చల్లార్చడానికి క్లోరిన్ కలపని నది నీళ్ళు వాడారు. చల్లారుతున్న టిన్ను, అంతకుముందు చెప్పుకున్న లాగుడుతోనే, లోపమున్న చోటునుంచి ఆ నీటిని పీల్చుకుంది. టైఫాయిడ్ సూక్ష్మజీవి గాలి పుట్టించదు. అందుకని టిన్ను ఉబ్బలేదు. ఆ మాంసాన్ని దుకాణంలో ముక్కలు కోసిన యంత్రం మిగతా మాంసాలకూ దాన్ని అంటించింది.

1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో నలుగురు వృద్ధులు ఒక సాల్మన్ చేప టిన్ను విప్పి తిన్నారు. నలుగురికీ బోటులినం విషం వల్ల వచ్చే బోటులిజం అనే జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఆ టిన్నుకు సన్నటి చిల్లు ఉందని తర్వాత తేలింది. ఉడికించడం సరిగ్గానే జరిగినా, చిల్లు గుండా సూక్ష్మజీవి తర్వాత చొరబడింది. చిల్లున్న టిన్నులో పుట్టిన గాలి అదే చిల్లులోంచి బయటికి పోగలదు కనుక అలాంటి టిన్ను ఉబ్బకపోవచ్చు.

అంచు సొట్టను ఇంత పట్టుగా చూడడానికి కారణం ఈ రెండు కథల్లో ఉంది. ఉబ్బు కనిపిస్తే అది హెచ్చరిక. అంచు సొట్ట ఉన్న టిన్ను ఆ హెచ్చరిక ఇవ్వకుండానే చెడిపోగలదు.

ఇక్కడ లోపలి పదార్థం పులుపు కూడా కొంత లెక్కలోకి వస్తుంది. ఆమ్లత కొలతలో పి.హెచ్. 4.6 కన్నా తక్కువ ఉంటే, అంటే పులుపు గట్టిగా ఉంటే, బోటులినం పెరగలేదు. పైనాపిల్ ఆ గీతకు బాగా కింద ఉంటుంది. పుట్టగొడుగులు, బఠానీ, చేప, మాంసం, రసగుల్ల పైన ఉంటాయి. రసగుల్ల తీపి కాబట్టి చెడదని కొందరంటారు. జామ్‌ను కాపాడేంత చిక్కటి పంచదార రసగుల్ల పాకంలో ఉండదు. పలచటి పాకం, లోపల విరిగిన పాల ఛెనా. దాన్ని కాపాడుతున్నది ఉడికించడం, మూత, ఈ రెండే. అందుకని ఒకే తీరు అనుమానం పైనాపిల్ మీదా పుట్టగొడుగుల మీదా వస్తే, పుట్టగొడుగుల టిన్నుకు అసలు రాజీ పడకూడదు. పైనాపిల్‌కైనా రాజీ పడమని దీని అర్థం కాదు, కారిన టిన్నులో బూజు పెరిగితే పులుపును తినేసి దారి తెరుస్తుంది.

బాగా మరిగిస్తే చాలు కదా అనే వాదన వంటింట్లో వస్తుంది. బోటులినం విషం 85 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలకు పైగా ఉంటే చెడుతుంది, ఆ మాట నిజమే. కానీ ముక్క లోపలి దాకా ఆ వేడి చేరిందో లేదో ఎవరూ కొలవరు. అనుమానపు టిన్నులో ఉన్నది అదొక్కటే అనే హామీ లేదు, స్టెఫిలోకాకస్ అనే మరో సూక్ష్మజీవి వదిలే విషం మరిగించినా చెక్కుచెదరదు. పైగా రసగుల్లనూ పైనాపిల్‌నూ ఎవరూ మరిగించి తినరు.

వరద తడిపిన టిన్నులు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి, రాయగడ జిల్లాలను వరదతో ముంచింది. అలాంటి సమయాల్లో నీళ్ళలో నానిన టిన్నులు తర్వాత చవగ్గా బయటికి వస్తాయి. సొట్ట లేని, తుప్పు పట్టని రేకు టిన్ను అయితే కాపాడుకోవచ్చు. లేబులు తీసేసి, దాని మీద ఉన్న పేరు, తేదీ వేరే రాసుకుని, సబ్బు నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో తొలిచి, మరుగుతున్న నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి ఆరబెట్టాలి. అంచుకు సొట్ట ఉన్నది వరదనీటిలో గడిపితే మాత్రం దాన్ని తెరవడం గురించి ఆలోచించనే కూడదు. చుట్టూ మురుగు నీరు, లోపల లాగుడు, అబర్డీన్ టిన్నుకు జరిగిందీ అదే. రింగు మూతల టిన్నుల గాడిలో బురద ఇరుక్కుంటుంది, అవీ వద్దు. తుప్పును గుడ్డతో తుడిస్తే పోతే పరవాలేదు. తుడిచాక గుంటలు కనబడితే చిల్లు దగ్గరలోనే ఉంది.

తెరిచేటప్పుడు, తెరిచాక

మంచి టిన్నుకు ఓపెనరు దిగగానే సుయ్యిమని గాలి లోపలికి పోతుంది. రసం పైకి చిమ్మితే, గాలి బయటికి తన్నితే, నురుగు వస్తే అక్కడే ఆపాలి. బాగుందో లేదో చూద్దామని నాలుక మీద వేసుకోవద్దు, బోటులినం విషానికి అంత మోతాదు కూడా ఎక్కువే, దానికి వాసనా రుచీ ఉండాలని నియమం లేదు. టిన్నును రెండు పాలిథిన్ కవర్లలో పెట్టి మూతి బిగించి, కుక్కలకూ ఆవులకూ అందని చోట పారెయ్యాలి. పెంటకుప్ప మీద విప్పి పోస్తే పశువులకు ముప్పు. గచ్చు మీద చిందితే రెండు కప్పుల నీళ్ళలో పావు కప్పు ద్రవ బ్లీచు కలిపి పోసి, కాగితం పరిచి, పావుగంట ఆగి తుడవాలి. తుడిచిన కాగితాలు కూడా ఆ కవర్లోకే వెళ్ళాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తెలియక తిన్నట్టయితే మామూలు వాంతి, విరేచనాల కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. బోటులిజం ఎక్కువగా 12 నుంచి 36 గంటల్లో బయటపడుతుంది, కొన్నిసార్లు కొన్ని గంటల్లోనే, మరికొన్నిసార్లు వారం దాకా పట్టవచ్చు. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, నోరెండిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం దాని గుర్తులు. బలహీనత ముఖం దగ్గర మొదలై కిందికి దిగుతుంది, జ్వరం సాధారణంగా ఉండదు, మనిషి స్పృహలోనే ఉంటాడు. ఊపిరి తీసే కండరాలు చచ్చుపడకముందే ఆసుపత్రికి చేరాలి. కొరాపుట్ చుట్టుపక్కలవాళ్ళకు అక్కడి మెడికల్ కాలేజీ ఆసుపత్రి, గంజాం, గజపతి వైపువాళ్ళకు బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర. పక్షవాతమో, మద్యం మత్తో అని పొరబడే అవకాశం ఉన్న జబ్బు ఇది. అందుకని టిన్ను తిన్నారన్న సంగతి మొదటి మాటగా డాక్టరుకు చెప్పి, ఖాళీ టిన్నునూ మిగిలిన తిండినీ కవర్లో కట్టి వెంట తీసుకెళ్ళాలి. టిన్ను మూత మీది బ్యాచ్ నంబరు జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు చేరితే, అదే బ్యాచ్ టిన్నులు ఇంకా ఏ ఏ కొట్లలో ఉన్నాయో వెతికి తీయించగలుగుతారు.